ర్యాంపు ఖర్చులో సగం ఇచ్చే ముందు కొలతలు రాయించుకోండి

నడవడానికి ఇబ్బంది ఉండి, అద్దె ఇంటి గుమ్మం దగ్గర ర్యాంపు గానీ రెయిలింగ్ గానీ పెట్టించమని యజమానిని అడగబోతున్నవారు నాకు జరిగినది తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను.

నా కుడి కాలు, కుడి చేయి బలహీనం, చేతికర్రతో నడుస్తాను. మా గుమ్మానికి ఒక్కొక్కటి 15 సెంటీమీటర్ల ఎత్తున్న మూడు మెట్లు ఉన్నాయి. ర్యాంపు గానీ రెయిలింగ్ గానీ పెట్టించండి, ఖర్చులో సగం నేను భరిస్తాను అని యజమానిని అడిగాను. ఆయన వెంటనే ఒప్పుకోవడంతో, ఏది కట్టాలో, ఎలా కట్టాలో తేల్చుకోకుండానే నా వాటా ముందుగా ఇచ్చేశాను. పొరపాటు అక్కడే జరిగింది.

నేను ఊళ్లో లేని రెండు రోజుల్లో మేస్త్రీ ఆ మెట్ల మీదే సిమెంటు పోసి ఒకటిన్నర మీటర్ల పొడవున ర్యాంపు కట్టి, పైన నున్నటి టైల్స్ పరిచాడు. ఒక సెంటీమీటరు ఎత్తుకు కనీసం 12 సెంటీమీటర్ల పొడవు ఉండాలన్నది ర్యాంపులకు సాధారణంగా పాటించే లెక్క. ఆ ప్రకారం 45 సెంటీమీటర్ల ఎత్తుకు 5.4 మీటర్లు కావాలి. మా గుమ్మానికీ గేటుకూ మధ్య ఉన్నది రెండు మీటర్లే. అంటే నేరుగా వెళ్లే ర్యాంపుకు అక్కడ చోటే లేదు. ఆ నిటారు వాలు మీద చక్రాల కుర్చీ వెనక్కి తిరగబడగలదు, నాలాంటివారికి దిగేటప్పుడు పాదం ముందుకు జారుతుంది, తడిస్తే ఇంకా ప్రమాదం. అన్నిటికన్నా బాధ కలిగించినది, కష్టపడైనా ఎక్కగలిగిన ఆ మెట్లు కూడా లేకుండా పోవడం.

నిజానికి నాకు కావలసినది రెయిలింగే. అదీ రెండు వైపులా ఉండాలి, ఎందుకంటే ఎక్కేటప్పుడు ఎడమ చేతికి అందే కమ్మీ దిగేటప్పుడు కుడి వైపుకు వస్తుంది. మెట్టు అంచు నుంచి 85–95 సెంటీమీటర్ల ఎత్తులో, పిడికిట్లో ఇమిడే గుండ్రటి పైపు, మొదటి మెట్టుకు ముందూ చివరి మెట్టు తరువాతా సుమారు 30 సెంటీమీటర్లు సాగి ఉంటే, కాలు కదిపే ముందే చేతికి పట్టు దొరుకుతుంది. మరలు పైపూతలో కాకుండా ఇటుకలోకో కాంక్రీటులోకో దిగాలి. పని పూర్తయ్యాక ఒళ్లు బరువంతా వేసి లాగి చూసినప్పుడు ఏమాత్రం కదిలినా ఒప్పుకోకండి.

సరిచేయమని అడిగితే, డబ్బు ఖర్చయిపోయిందనీ, నేను అడిగినదే కట్టించాననీ యజమాని అన్నారు. మా మధ్య కాగితం లేదు కనుక నేను చూపించగలిగినదీ ఏమీ లేదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ ర్యాంపును పగలగొట్టించే ఖర్చు అడ్వాన్సులోంచి కోస్తానని కూడా ఇప్పుడు అంటున్నారు.

మీరు వాటా ఇవ్వదలచుకుంటే, గీసిన బొమ్మ, కొలతలు, ఎవరి వాటా ఎంత, ఖాళీ చేసేటప్పుడు తీసే బాధ్యత ఎవరిది అన్నవి ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయండి. మీ వాటాలో కొంత భాగాన్ని, మీరే స్వయంగా ఎక్కి దిగి చూసిన తరువాత మాత్రమే చెల్లించండి.