స్టాక్ క్లిప్పుల లైసెన్సులు: జాతర దృశ్యం వార్తా వీడియోకు సరే, షాపు యాడ్‌కు ఎందుకు కాదు?

హనుమకొండలో వీడియో ఎడిటింగ్ నా పని. షాపులకు ప్రమోషన్ వీడియోలు చేస్తాను, యూట్యూబ్ ఛానెళ్లకు సమాచార వీడియోలు కూడా చేస్తాను. రెండింటికీ వేరేవాళ్లు తీసిపెట్టిన రెడీమేడ్ క్లిప్పులు, అంటే స్టాక్ క్లిప్పులు దొరికే పెక్సెల్స్, పిక్సాబే, వికీమీడియా కామన్స్, షటర్‌స్టాక్ సైట్లు ఏళ్ల తరబడి వాడుతున్నాను. వీటిలో క్లిప్పుల క్వాలిటీ ఎలా ఉంటుందో ఎవరికి వాళ్లు చూసి తెలుసుకోవచ్చు. నేను లైసెన్సుల గురించే రాస్తాను. క్లిప్ ఎంత బాగున్నా, అది ఏ వీడియోలో పెట్టొచ్చో తేల్చేది లైసెన్సే.

మేడారం జాతర దగ్గరికొస్తే మా దగ్గర రెండు రకాల పనులు ఒకేసారి వస్తాయి. ఒక ఛానెల్‌వాళ్లు జాతరకు వెళ్లే దారులు, ట్రాఫిక్, జంపన్నవాగు దగ్గర రద్దీ గురించి వీడియో అడుగుతారు. ఒక చీరల షాపు అన్న "జాతర ఆఫర్" వీడియో చేయమంటాడు. ఇద్దరికీ సరిపోయే క్లిప్ ఒకటి పెయిడ్ సైట్‌లో కనిపిస్తుంది: నెత్తిన బెల్లం ముద్దతో జనంలో నడుస్తున్న ఒక ఆమె, ముఖం స్పష్టంగా, చుట్టూ వేలమంది. పక్కన చిన్న అక్షరాల్లో `Editorial Use Only` అని ఉంటుంది.

ఆ ముక్కకు అర్థం ఇదీ. ఆమె దగ్గర గానీ, వెనకాల కనిపిస్తున్నవాళ్ల దగ్గర గానీ కెమెరామన్ రాతపూర్వక అనుమతి తీసుకోలేదు. దాన్నే మోడల్ రిలీజ్ అంటారు. అది లేని క్లిప్‌ను వార్తకో, జనానికి ఆసక్తి ఉన్న విషయం చెప్పడానికో వాడుకోవచ్చు. ఏదైనా అమ్మడానికి, ప్రచారం చేయడానికి వాడకూడదు. కాబట్టి ట్రాఫిక్ వీడియోలో ఈ క్లిప్ పెట్టొచ్చు. చీరల ఆఫర్‌లో పెడితే ఆ తల్లి ఆ షాపును మెచ్చుకుంటున్నట్టు అవుతుంది. ఆమె దానికి ఎప్పుడూ ఒప్పుకోలేదు.

ఇక్కడ షాపువాళ్లు చెప్పే మాట ఒకటుంది: "మూడు సెకన్లే గదా తమ్మీ, ఎవరు చూస్తరు?" సెకన్లతో లైసెన్సుకు సంబంధం లేదు. ఒక్క ఫ్రేమ్ వాడినా వాడినట్టే. ఇంకొందరు ముఖం బ్లర్ చేయమంటారు. దానివల్ల కూడా ఫలితం లేదు. ఆ క్లిప్‌ను మనకు ఇచ్చిందే ఎడిటోరియల్ వాడకానికి. మనం ముఖం మసక చేసినంత మాత్రాన సైట్‌తో ఉన్న ఒప్పందం మారిపోదు. పైగా ఎడిటోరియల్ క్లిప్‌లో ఉన్నది లేనట్టు, లేనిది ఉన్నట్టు మార్చడం కూడా తప్పే. నిడివి తగ్గించుకోవడం, రంగు కాస్త సరిచేసుకోవడం వరకు ఇబ్బంది లేదు. ట్రాఫిక్ వీడియోలో వాడినప్పుడు క్లిప్ తీసినవాళ్ల పేరు, ఏజెన్సీ పేరు క్రెడిట్‌గా వేస్తాను. ఆ క్లిప్ కింద ఇచ్చే వివరణలో ఊరు, తేదీ ఉంటాయి, అవి తప్పక చదవండి. పాత జాతర దృశ్యాన్ని ఈసారిదిగా చూపిస్తే వార్తే తప్పవుతుంది.

ఛానెల్‌కు యాడ్స్ డబ్బులు వస్తున్నాయి కదా, మరి అది కమర్షియల్ కాదా అని నన్ను చాలామంది అడిగారు. స్టాక్ సైట్లు సాధారణంగా చూసేది డబ్బు వచ్చిందా లేదా అని కాదు, ఆ వీడియో ఏదైనా వస్తువును, బ్రాండును ప్రచారం చేస్తోందా అని. అదే ఛానెల్‌లో ఆ ట్రాఫిక్ వీడియోను ఒక టైర్ల కంపెనీ స్పాన్సర్ చేసి, మధ్యలో వాళ్ల టైర్ల గురించి చెప్పించిందనుకోండి, అప్పుడు ఎడిటోరియల్ క్లిప్ నేను పెట్టను.

తీసినవాళ్లే కొన్ని షరతులతో అందరినీ వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో లెక్క వేరు. అక్కడ NC అని ఉంటే వ్యాపార లాభం, డబ్బు ప్రధాన ఉద్దేశంగా ఉన్న వాడకం కుదరదు. అందుకే NC క్లిప్‌ను మానిటైజ్ అయిన ట్రాఫిక్ వీడియోలో కూడా నేను వాడను. అటువైపు క్రెడిట్ ఇస్తే చాలనే CC BY లైసెన్స్ ఉన్న జాతర క్లిప్‌ను కాపీరైట్ పరంగా చీరల యాడ్‌లోనూ పెట్టొచ్చు. కానీ ఆ లైసెన్స్ కెమెరామన్ హక్కు గురించే మాట్లాడుతుంది. కనిపిస్తున్న మనిషి అనుమతి అందులో లేదు. వికీమీడియా కామన్స్‌లో మనుషులున్న చాలా ఫైళ్ల పేజీల్లో ఈ హెచ్చరిక విడిగా ఉంటుంది. పిక్సాబే, పెక్సెల్స్‌లో క్రెడిట్ ఇవ్వడం తప్పనిసరి కాదు, యాడ్‌లోనూ వాడుకోవచ్చు. అయినా గుర్తుపట్టేలా ఉన్న మనుషులు మన సరుకును సిఫారసు చేస్తున్నట్టు చూపకూడదని పెక్సెల్స్ షరతుల్లోనే ఉంది. బట్టల మీద, సంచుల మీద లోగోలు కనిపిస్తే ట్రేడ్‌మార్క్ సంగతి కూడా మనమే చూసుకోవాలి. అందుకని ఉచిత సైట్ల నుంచి యాడ్‌లకు నేను తీసుకునేవి చేతులు, మగ్గం, దారాలు, వాన, పత్తి చేను లాంటివే. ముఖం కావాలంటే డబ్బు పెట్టి, మోడల్ రిలీజ్ ఉందని రాసి ఉన్న క్లిప్ కొంటాను. లేదంటే షాపులో పనిచేసే అక్కలనే అడిగి, సంతకం తీసుకుని మేమే తీస్తాం. జాతర ఆఫర్‌కు చివరికి అలాగే చేశాం. బెల్లం పట్టుకుని నవ్వే అక్క ఆ షాపు మనిషే కావడంతో అన్నకు అదే ఎక్కువ నచ్చింది.

వికీమీడియా కామన్స్‌లో జాగ్రత్తగా చూడాల్సింది CC BY-SA లైసెన్స్. దాన్ని కత్తిరించి, మ్యూజిక్ జతచేసి కొత్త వీడియోగా చేసినప్పుడు, ఆ కొత్త వీడియోను కూడా అదే లైసెన్సుతో ఇవ్వాలి. షాపు యాడ్‌కు ఇలా చేస్తే ఎదురుగా ఉన్న షాపువాడు కూడా క్రెడిట్ ఇచ్చి ఆ యాడ్‌ను వాడుకోవచ్చు. యాడ్‌లకు నేను BY-SA ముట్టుకోను. సమాచార వీడియోలకు మాత్రం ఛానెల్‌వాళ్లను ముందే అడిగి, ఒప్పుకుంటే వాడతాను. యూట్యూబ్ సెట్టింగ్‌లో స్టాండర్డ్ లైసెన్స్, CC BY ఈ రెండే ఉంటాయి కాబట్టి BY-SA సంగతి డిస్క్రిప్షన్‌లో రాయాల్సిందే. నేను రాసే తీరు ఇది:

```
దృశ్యం: <ఫైల్ పేరు>, తీసినవారు: <పేరు>
<ఫైల్ పేజీ లింక్>
లైసెన్స్: CC BY-SA 4.0
https://creativecommons.org/licenses/by-sa/4.0/
మార్పులు: నిడివి తగ్గించి, రంగు సరిచేశాం
ఈ వీడియో కూడా CC BY-SA 4.0 కిందే ఉంది
```

మార్పుల లైన్ చాలామంది వదిలేస్తారు. మార్చితే మార్చామని చెప్పడం ఈ లైసెన్సుల 4.0 వెర్షన్‌లో షరతే. "క్రెడిట్: గూగుల్", "క్రెడిట్: యూట్యూబ్" అని రాస్తే క్రెడిట్ ఇచ్చినట్టు కాదు. ఎక్కడైనా క్రెడిట్ మిస్సయిందని తెలిస్తే, తెలిసిన 30 రోజుల్లో సరిచేస్తే 4.0 కింద హక్కు మళ్లీ వస్తుంది.

డౌన్‌లోడ్ చేసిన రోజే లైసెన్స్ కనిపించేలా ఆ పేజీని పీడీఎఫ్‌గా దాచిపెట్టుకుంటాను. క్లిప్ తర్వాత సైట్ నుంచి మాయం కావచ్చు, షరతులు కూడా మారొచ్చు. పిక్సాబేనే 2019లో, ఏ షరతూ లేకుండా వాడుకోనిచ్చే CC0 వదిలి సొంత లైసెన్సుకు మారింది. క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం ఉండదు, కానీ మనం తీసుకున్న రోజు అదే లైసెన్స్ ఉందని చూపించగలగాలి.

పెయిడ్ సైట్లలో రాయల్టీ ఫ్రీ అంటే ఉచితం అని కాదు. ఒకసారి డబ్బు కట్టాక ప్రతి వాడకానికీ మళ్లీ కట్టక్కర్లేదని. అయితే మా ఎడిటర్లకు ఒక సంగతి ముఖ్యం: చాలా ఏజెన్సీల్లో ఒక క్లయింటు కోసం కొన్న క్లిప్‌ను ఇంకో క్లయింటు వీడియోలో వాడాలంటే మళ్లీ కొనాలి. చీరల షాపుకు కొన్న మగ్గం క్లిప్ నా హార్డ్ డిస్క్‌లోనే ఉన్నా, ఇంకో షాపు అడిగితే దాని ఖర్చు కొటేషన్‌లో విడిగా వేసి చూపిస్తాను.