పొంతన కుదరనప్పుడు ఏది మేలు: టూల్‌తో సర్దించడమా, మనిషిని మళ్ళీ అడగడమా?

ఏహెచ్‌పీ అంటే కొలమానాలను రెండేసి చొప్పున పోల్చి వెయిటేజీలు తేల్చే పద్ధతి. ప్లాంటు స్థలం ఎంపికకు దాన్ని వాడేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే. జత పోలికలు పూర్తయ్యాక, జవాబులు ఒకదానితో ఒకటి ఎంత కలవడం లేదో చూపే పొంతన నిష్పత్తి, అంటే సీఆర్, హద్దు దాటింది. ఇప్పుడు టూల్‌లో ఉన్న సవరణ బటన్ నొక్కాలా, లేక జవాబులిచ్చిన మనిషి దగ్గరికి మళ్ళీ వెళ్ళాలా? ఈ మధ్య ఒక సిమెంట్ ప్లాంటు స్థలం లెక్కలో నాకూ ఇదే ఎదురైంది. అందులోని అంకెలతోనే చెబుతాను.

పోటీలో రెండు స్థలాలు ఉన్నాయి. ఒకటి సున్నపురాయి గనికి దగ్గర. రెండోది రైలు మార్గానికి దగ్గర, పైగా అక్కడ భూమి చవక. వీటిని గని స్థలం, రైలు స్థలం అందాం. కొలమానాలు మూడు: ముడిసరుకు, తయారైన సిమెంటు రవాణా, భూమి. సిమెంటుగా నూరే క్లింకర్ టన్నుకు దాదాపు టన్నున్నర సున్నపురాయి కావాలి కాబట్టి ముడిసరుకుకు పెద్దపీట వేయడంలో వింత లేదు. ప్లాంటు పెద్ద ఇచ్చిన జవాబులివి: రవాణా కంటే ముడిసరుకు 3 రెట్లు ముఖ్యం, భూమి కంటే రవాణా 3 రెట్లు ముఖ్యం, భూమి కంటే ముడిసరుకు 2 రెట్లు ముఖ్యం.

మొదటి రెండూ నిజమైతే మూడోది 9 దగ్గర ఉండాలి. ఆయన 2 అన్నారు. కింది లెక్కలో λmax పోలికల పట్టిక నుంచి వచ్చే ప్రధాన విలువ, CI పొంతన సూచిక, 0.58 మూడు కొలమానాల పట్టికకు వాడే స్థిర సంఖ్య, CR అంటే సీఆర్. లెక్క ఇలా వచ్చింది:

```
λmax = 3.257
CI = (3.257 − 3) / 2 = 0.128
CR = 0.128 / 0.58 = 0.22
```

మామూలుగా అందరూ చెప్పే హద్దు 0.10. మూడు కొలమానాల పట్టికకైతే ఈ పద్ధతిని రూపొందించిన థామస్ సాటీ 0.05 అనే గట్టి హద్దే పెట్టారు. ఎటు చూసినా 0.22 చాలా ఎక్కువ. ఈ జవాబుల నుంచి వచ్చిన వెయిటేజీలు ముడిసరుకుకు 0.540, రవాణాకు 0.297, భూమికి 0.163.

స్థలాల పోలికలో ముడిసరుకు విషయంలో గని స్థలం 2 రెట్లు మేలు. రవాణాలో రైలు స్థలం 2 రెట్లు, భూమిలో 5 రెట్లు మేలు. అన్నీ కలిపితే రైలు స్థలానికి 0.514, గని స్థలానికి 0.486.

ముందు టూల్ దారి చూద్దాం. ఇలాంటి బటన్ ఉన్న కొన్ని టూల్స్ చేసేది ఇది. ప్రతి జవాబునూ వచ్చిన వెయిటేజీల నిష్పత్తి వైపు ఒకే రేటున కొంచెం కొంచెం జరుపుతాయి. ముడిసరుకు, రవాణా మధ్య ఉన్న 3 తగ్గుతూ 1.8 వైపు వస్తుంది, ముడిసరుకు, భూమి మధ్య ఉన్న 2 పెరుగుతూ 3.3 వైపు వెళ్తుంది. సీఆర్ 0.22 నుంచి దిగుతూ సున్నాకు చేరుతుంది. అయితే మూడు కొలమానాల పట్టికలో ఇలా జరిపినంత మాత్రాన వెయిటేజీలు అసలు మారవు. అవే 0.540, 0.297, 0.163. అదే రైలు స్థలం, అదే 0.514. మారింది హెచ్చరిక ఒక్కటే. సందేహం ఉన్నచోటే ఉంది, దాన్ని చూపించే అంకె మాత్రం పోయింది. అందుకే ఈ బటన్ అంటే నాకు భయం.

"తప్పున్న జవాబేదో టూల్ చూపిస్తుంది కదా, దాన్నొక్కటే మార్చుకుంటే సరిపోదా?" అని కొందరు అడుగుతారు. మూడు పోలికల్లో అది కుదరదు. పై లెక్కలో ఒక్కో జవాబునూ వెయిటేజీల నిష్పత్తితో పోల్చి చూడండి. మొదటి 3 ఉండాల్సినదానికి 1.65 రెట్లు ఎక్కువ, రెండో 3 కూడా 1.65 రెట్లు ఎక్కువ, మూడోదైన 2 సరిగ్గా 1.65 రెట్లు తక్కువ. తప్పు మూడింటికీ సమానంగా పంచినట్టు ఉంటుంది. ఏది తప్పో గణితానికి తెలియదు, జవాబిచ్చిన మనిషికే తెలుస్తుంది. కొలమానాలు ఐదో ఆరో ఉంటే మాత్రం అన్నిటికంటే ఎక్కువ తేడా ఉన్న జతను టూల్ బాగానే పట్టి ఇస్తుంది. ఎక్కడ అడగాలో తెలుసుకోవడానికి అది వాడుకోవచ్చు, ఏ అంకె వేయాలో తెలుసుకోవడానికి కాదు.

సీఆర్‌ను పట్టించుకోకుండా ముందుకు వెళ్ళడం, పోలికలు మానేసి వెయిటేజీలు నేరుగా రాసేయడం అనే దారులూ ఉన్నాయి. మొదటిదైతే ఏహెచ్‌పీ వాడటానికే అర్థం లేదు. రెండోదానిలో పొంతన తప్పినా బయటపడే మార్గం లేదు.

ఇక మళ్ళీ అడగడం. ఇక్కడ ఒక జాగ్రత్త కావాలి. "మీ జవాబు 9 ఉండాలి సార్" అంటే ఆయన సరే అనేస్తారు. అది కూడా బటన్ నొక్కడం లాంటిదే. ముందు 3కు బదులు 1/3 పడలేదు కదా అని ఫారం చూసుకున్నాను, అది సరిగానే ఉంది. తర్వాత అంకెల మాట ఎత్తకుండా ఒక్కటే అడిగాను: "మూడో ప్రశ్నలో భూమి అన్నప్పుడు మీ మనసులో ఏముంది?" ఆయన జవాబు: "ధర ఒక్కటే కాదు, భూమి చేతికి రావడానికి పట్టే కాలం కూడా." మరి రెండో ప్రశ్నలో? "అక్కడ ధరే అనుకున్నాను."

అంటే ఆయన తికమక పడలేదు. మా ఫారంలోని "భూమి" అన్న మాటకే రెండు అర్థాలు ఉన్నాయి.

ధర ఒక్కటే అనుకుంటే మూడో జవాబు 5 అవుతుందని ఆయనే అన్నారు. అప్పుడు సీఆర్ 0.03, గని స్థలానికి 0.528. జాప్యం కూడా కలిపితే మూడోది 2గానే ఉంటుంది, రెండోది 1కి దిగుతుంది, అంటే రవాణా, భూమి సమానం. సీఆర్ 0.02, ఈసారి రైలు స్థలానికి 0.523. రెండు సవరణలూ పరీక్ష పాసయ్యాయి, స్థలాలు మాత్రం వేరు. సీఆర్ తక్కువ ఉంటే జవాబులు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయని మాత్రమే అర్థం, అవి నిజమని కాదు.

ఇక్కడితో ఆగినా తప్పయ్యేది. భూమి అర్థం మారితే స్థలాల పోలిక కూడా మారాలి. రైలు స్థలం 5 రెట్లు మేలు అన్నది ధర చూసి చెప్పిన మాట. అక్కడి భూమి చాలామంది చేతుల్లో చిన్న చిన్న ముక్కలుగా ఉంది. జాప్యం కలిపి అడిగితే ఆ 5 కాస్తా 2 అయింది. మళ్ళీ లెక్కేస్తే గని స్థలానికి 0.517. భూమికి ఏ అర్థం తీసుకున్నా, దాన్ని చివరిదాకా ఒకేలా వాడితే గని స్థలమే ముందుంది. బటన్ నొక్కి ఉంటే రైలు స్థలం ఖాయమయ్యేది.

అయితే 0.517, 0.483 మధ్య తేడా పెద్దది కాదు. ఆ 2 కాస్తా 3 అయితే గని స్థలం 0.497కు పడిపోతుంది. మొత్తం నిర్ణయం ఇప్పుడు ఈ ఒక్క పోలిక మీద ఉంది కాబట్టి, రైలు స్థలంలో ఎంతమంది యజమానులు ఉన్నారో, రిజిస్ట్రేషన్లకు ఎన్ని నెలలు పడుతుందో లెక్క తెప్పించమని అడిగాం. ఆ కాగితం వచ్చాకే ప్లాంటు పెద్ద ఈ అంకెను ఖాయం చేస్తారు.