డక్ట్‌కు బీమ్ అడ్డొస్తే: బీమ్ కోయాలా, సీలింగ్ దించాలా, డక్ట్‌ను చదును చేయాలా?

సైట్ సందేహంపై మీరు పంపిన ఆర్‌ఎఫ్‌ఐ, దానితో పంపిన ఫొటోలు చూశాను. రెండో అంతస్తు కారిడార్‌లో 700 × 350 ఏసీ సప్లై డక్ట్ 300 × 600 బీమ్‌కు తగులుతోంది. బీమ్‌ను కోర్ కటింగ్ చేయాలా, సీలింగ్ దించాలా అని మీరు అడిగారు. నా నిర్ణయం ముందే చెబుతాను. బీమ్‌ను ముట్టుకోవద్దు. సీలింగ్‌ను ఇప్పుడున్న 2,550 దగ్గరే ఉంచండి. బీమ్ కింద మాత్రం డక్ట్‌ను 1,000 × 200 కొలతకు మార్చి దాటించండి. సైట్‌లో పనివాళ్లు ఎందుకని అడిగితే చెప్పడానికి మీకు వీలుగా ఉండాలని కారణాలు కాస్త వివరంగా రాస్తున్నాను. కొలతలన్నీ మిల్లీమీటర్లలో, ఎత్తులన్నీ పూర్తయిన ఫ్లోరింగ్ నుంచి.

ముందు బీమ్ సంగతి. మీరు కోద్దామన్న చోటు కాలమ్ ముఖం నుంచి 900 దూరంలోనే ఉంది. బీమ్‌లో షియర్, అంటే అడ్డంగా తెంచే బలం, ఎక్కువగా ఉండేది, భూకంపం వస్తే ఎక్కువ దెబ్బ తినేది కాలమ్ పక్కనున్న ఈ భాగమే. అందుకే కాలమ్ ముఖం నుంచి బీమ్ లోతుకు దాదాపు రెండింతల దూరం వరకు రింగులు దగ్గర దగ్గరగా కట్టాలని భూకంపాలను తట్టుకునే కాంక్రీటు కట్టడాల ప్రమాణం ఐఎస్ 13920 చెబుతుంది. మన బీమ్‌లో అక్కడ రింగులు 100కి ఒకటి ఉన్నాయి. ఇన్సులేషన్‌తో కలిపి డక్ట్ వెడల్పు 750. చుట్టూ కాస్త ఖాళీ వదిలి 800 రంధ్రం చేస్తే ఎనిమిది రింగులు తెగుతాయి.

ఎత్తు విషయానికొస్తే అసలు కుదరనే కుదరదు. డక్ట్ ఇప్పుడున్న లెవెల్‌లోనే కోస్తే బీమ్ అడుగు భాగమే పోతుంది, మెయిన్ కడ్డీలు తెగుతాయి. డక్ట్‌ను పైకి లేపి బీమ్ మధ్యలోంచి పంపుదామంటే, 600 లోతులో స్లాబ్ మందం 150 పోగా 450 మిగులుతుంది. అడుగున కవరింగ్‌కు, కడ్డీలకు 70 వదిలితే మిగిలేది 380. డక్ట్ ఎత్తు ఇన్సులేషన్‌తో 400. కోశాక కార్బన్ ఫైబర్ చుడతామని మీరు రాశారు. చిన్న రంధ్రం ఉన్నచోట స్ట్రక్చరల్ ఇంజినీర్ లెక్క కట్టి ఇస్తే అది పనికొస్తుంది. కాలమ్ పక్కన బీమ్ నడుమంతా తీసేశాక పైన చుట్టే పొర ఆ లోటు తీర్చదు. దాటేది 150 పైపే అయి, అదీ స్పాన్ మధ్యలో ఉండి, బీమ్ ఇంకా పోయకుండా ఉండి ఉంటే, స్లీవ్ గురించి మాట్లాడుకునేవాళ్లం. ఇంత డక్ట్‌కు అప్పుడూ ఒప్పుకునేవాణ్ని కాదు.

సీలింగ్ దించడం చూడటానికి తేలిక పరిష్కారంలా ఉంటుంది. లెక్క వేసి చూద్దాం. మీ లేజర్ రీడింగ్ ప్రకారం బీమ్ అడుగు 2,935 దగ్గర ఉంది. డ్రాయింగ్‌లో 2,950 ఉండాల్సింది, సెంట్రింగ్ కాస్త దిగినట్టుంది. బీమ్‌కు, ఇన్సులేషన్‌కు మధ్య 25 ఖాళీ, డక్ట్‌కు 400, సీలింగ్ ఫ్రేమ్‌కు, లైట్లకు 100 తీసేస్తే సీలింగ్ 2,410కి వస్తుంది. ఏసీ గదుల్లో ఫాల్స్ సీలింగ్ కింద 2.4 మీటర్లు ఉంటే చాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ అంటుంది కాబట్టి కాగితం మీద పాసవుతుంది. కానీ అక్కడి గ్లాస్ డోర్ ఫ్రేమ్ పైఅంచు 2,400 దగ్గర ఉంది. మిగిలేది 10 మాత్రమే, అందులో ఏ ఫినిషింగూ సరిగ్గా కుదరదు. స్ప్రింక్లర్ హెడ్లు కూడా విప్పి మళ్లీ దించాలి.

అంతకంటే ముఖ్యమైన మాట ఒకటుంది. సీలింగ్ దించినా డక్ట్ పని తగ్గదు. బీమ్‌కు అటూ ఇటూ డక్ట్ పైభాగం 3,200 దగ్గర ఉంది. బీమ్ కింద దూరాలంటే అది 2,910కి దిగాలి, దాటాక మళ్లీ ఎక్కాలి. డక్ట్ కొలత మార్చినా మార్చకపోయినా ఆ వాలు ముక్కలు రెండూ తప్పవు. ఎలాగూ చేసే ఆ ముక్కల్లోనే కొలత కూడా మార్చుకుంటే సీలింగ్ జోలికి పోనక్కర్లేదు.

ఇక డక్ట్ చదును చేయడం. 200 ఎత్తు డక్ట్ ఇన్సులేషన్‌తో 250 అవుతుంది. దాని పైభాగం 2,910, అడుగు 2,660. కింద సీలింగ్ వరకు 110 మిగులుతుంది, ఫ్రేమ్‌కు, లైట్లకు సరిపోతుంది. 'సన్నబడితే గాలి తగ్గిపోతుంది కదా' అన్న మీ అనుమానం సహజమే. ఈ డక్ట్‌లో 2,600 సీఎఫ్‌ఎం, అంటే నిమిషానికి 2,600 ఘనపుటడుగుల గాలి, సెకనుకు 5 మీటర్ల వేగంతో పోతోంది. 1,000 × 200లో ఆ వేగం 6.1 అవుతుంది. మీటరుకు రాపిడి రెట్టింపు దాటుతుంది, కానీ చదునుగా ఉండే భాగం పొడవు 600 మాత్రమే కాబట్టి అక్కడ పోయేది ఒక పాస్కల్ లోపే. వాలు ముక్కలతో కలిపినా మొత్తం 10 పాస్కల్ దగ్గర తేలుతుంది. ఆ మాత్రం ఫ్యాన్‌కు లెక్కలోది కాదు.

అసలు టెన్షన్ వాలు ముక్కల గురించే. చోటు మిగులుతుందని వాటిని 300 పొడవులో ముగిస్తే వాలు 45 డిగ్రీలకు దగ్గరపడుతుంది. గాలి షీట్‌ను వదిలేసి సుళ్లు తిరుగుతుంది, హోరు వస్తుంది, బీమ్ దాటాక మొదటి డిఫ్యూజర్‌కు గాలి సరిగ్గా అందదు. అందుకే ఒక్కో ముక్క 1,200 పొడవు ఉండాలి. 290 దిగడానికి అప్పుడు నాలుగుకు ఒకటి వాలు వస్తుంది. బీమ్ తర్వాతి మొదటి బ్రాంచ్‌ను వాలు ముక్క మీద పెట్టకండి, అది అయ్యాక ఒకటిన్నర మీటరు వదిలి తీయండి.

డక్ట్‌ను రెండుగా చీల్చి 650 × 200 చొప్పున పంపితే ఎలా ఉంటుందని కూడా చూశాను. షీట్ గట్టితనం పరంగా అది మెరుగే. కానీ రెండిటికీ మధ్య ఖాళీ, ఇన్సులేషన్ కలిపి కారిడార్‌లో దాదాపు 1,500 వెడల్పు తినేస్తుంది, కేబుల్ ట్రేకు చోటుండదు. వరసగా నాలుగైదు బీమ్‌లు దాటాల్సి ఉంటే అదే ఎంచుకునేవాణ్ని. ఒక్క బీమ్ కోసం అక్కర్లేదు. వెడల్పు ఎత్తుకు ఐదింతలు కాబట్టి ఆ 600 ముక్క షీట్ దడదడమనకుండా మధ్యలో లోపలి టై రాడ్ ఒకటి వేయండి.

బిగించేటప్పుడు ఒక జాగ్రత్త. డక్ట్ పైకి లేపాక బీమ్ కింద పైవైపు చెయ్యి పట్టదు. ఆ ముక్కకు ఇన్సులేషన్ నేల మీదే పూర్తిగా చుట్టి, టేపు వేసి, అప్పుడు లేపండి. ఫ్లాంజ్ జాయింట్లు బీమ్‌కు బయటే పడాలి. విశాఖ ఉక్కపోతలో ఇన్సులేషన్ బీమ్‌కు ఒత్తుకుని నలిగిందంటే అక్కడే చెమ్మ పట్టి, వర్షాకాలంలో సీలింగ్ టైల్ మీద పసుపు మచ్చగా తేలుతుంది. అందుకే ఆ 25 ఖాళీని ఎవరూ మింగేయకుండా చూడండి.

షాప్ డ్రాయింగ్ పంపేముందు డక్ట్ దాటే వెడల్పులో మూడు చోట్ల బీమ్ అడుగు మళ్లీ కొలిచి రాయండి. ఎక్కడైనా 2,925 కంటే తక్కువ వస్తే షీట్ కోయకముందే ఫోన్ చేయండి, 1,100 × 175తో సవరించిన స్కెచ్ పంపుతాను.