విషం–విరుగుడు: ఒక్క పేజీ పట్టికను రెండేళ్లు వాడాక

ఈ పట్టికను ఫార్మకాలజీ చదివే రోజుల్లో ఒక సీనియర్ అక్క ఇచ్చింది. ఏ4 కాగితం, ఒకవైపే రాత, రెండే గళ్లు. ఎడమవైపు విషం, కుడివైపు విరుగుడు. పారాసెటమాల్‌కి ఎన్-అసిటైల్ సిస్టీన్, ఓపియాయిడ్లకి నలాక్సోన్, ఐరన్‌కి డెస్‌ఫెరాక్సమైన్, ఇలా పైనుంచి కిందిదాకా. ఆప్షన్లు ఇచ్చి గుర్తుపట్టమనే పరీక్షకి అది చాలు, అబద్ధమెందుకు. మూడు రాత్రుల్లో నోటికొచ్చేసింది.

దెబ్బ తిన్నది మెడిసిన్ వైవాలో. "ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు తాగిన పేషెంట్‌కి ఏమిస్తావు?" అన్నారు. "అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్ సార్" అన్నాను టక్కున. "అట్రోపిన్ చాలిందని ఎలా తెలుస్తుంది?" "కంటిపాపలు పెద్దవయ్యాక సార్." "పాపలు పెద్దవయ్యాయి, ఛాతీలో ఇంకా గురగుర వినిపిస్తోంది. ఆపేస్తావా?" నా దగ్గర మాట లేదు. పట్టికలో ఆ గడే లేదు మరి.

ఆ రాత్రే కాగితాన్ని అడ్డంగా తిప్పి ఇంకో రెండు గళ్లు గీశాను: "చాలిందని గుర్తు", "ఇది సరిచేయనిది". ఇప్పుడు నేను మెచ్చుకునేదంతా ఆ రెండు గళ్ల గురించే.

ఆర్గానోఫాస్ఫేట్ వరసే చూడండి. అసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ మూతపడితే అసిటైల్‌కోలిన్ అన్నిచోట్లా పేరుకుపోతుంది. అట్రోపిన్ అడ్డుకునేది మస్కారినిక్ వైపును మాత్రమే: చొంగ, ఊపిరితిత్తుల్లో స్రావాలు, నెమ్మదించిన నాడి. కండరాలు అదరడం, చచ్చుబడటం నికోటినిక్ వైపు సంగతి, అక్కడ దానికి పనిలేదు. అందుకే ఛాతీ శుభ్రంగా ఉన్నా శ్వాస కండరాలు అలిసిపోయి పేషెంట్‌కి వెంటిలేటర్ అవసరం పడొచ్చు. నా నాలుగో గడిలో ఇప్పుడున్న మాట ఇదొక్కటే: "కండరాల బలహీనత."

మూడో గడిలో ఉన్నది: ఛాతీ రెండువైపులా శుభ్రం, నాడి 80 పైన, సిస్టోలిక్ బీపీ 80 పైన. పాపలు ఆలస్యంగా మారొచ్చు, వాటికోసం కూర్చోకూడదు. ఒక కేసు రాసుకుని లెక్క వేస్తే ఇది మనసులో దిగింది. నాడి 52, బీపీ 76/50, ఛాతీ నిండా గురగుర. మొదట 2 మి.గ్రా. అట్రోపిన్ సిరలోకి. ఐదు నిమిషాలకి మార్పు లేదు, రెట్టింపు చేసి 4. మరో ఐదు నిమిషాలు, నాడి కొంచెం పెరిగింది కానీ ఛాతీ అలాగే ఉంది, మళ్లీ రెట్టింపు 8. ఇప్పుడు నాడి 98, బీపీ 110, ఛాతీ పొడి. పది నిమిషాల్లో 14 మి.గ్రా. "అట్రోపిన్ 2 మి.గ్రా." అని బట్టీ పట్టినవాడు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాడు. తర్వాత గంటకి ఆ మొత్తంలో 10 నుంచి 20 శాతం, అంటే 1.4 నుంచి 2.8 మి.గ్రా. డ్రిప్‌గా నడపాలి. పేషెంట్ అయోమయంగా మాట్లాడుతూ, జ్వరం వచ్చి, పేగుల చప్పుడు ఆగిందంటే అట్రోపిన్ ఎక్కువైనట్టు. డ్రిప్ ఆపి, తగ్గాక తక్కువ వేగంతో మళ్లీ మొదలు.

పక్కపక్కన పెడితేనే తేడా తెలిసే జంటలకి పట్టిక నిజంగా పనికొస్తుంది. నా కాగితంలో ఆ ముక్క:

| విషం | విరుగుడు | తేడా ఎక్కడ |
|---|---|---|
| ఆర్గానోఫాస్ఫేట్ | అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్ | ఎంజైమ్ మీద విషం పట్టు కాలంతో బిగుస్తుంది |
| కార్బమేట్ | అట్రోపిన్ | ఎంజైమ్ దానంతటదే కోలుకుంటుంది |
| మిథనాల్ | ఫోమెపిజోల్ | ఫార్మిక్ ఆమ్లం, కళ్లు |
| ఇథిలీన్ గ్లైకాల్ | ఫోమెపిజోల్ | ఆక్సలేట్, మూత్రపిండాలు |

ప్రాలిడాక్సిమ్ గురించి ఒక మాట. పరీక్షలో రాయాలి, కానీ పరిశోధనల్లో దాని ఫలితాలు ఒకేలా రాలేదు. పట్టు బిగిశాక ఇస్తే ఎంజైమ్ వెనక్కి రాదన్నది మాత్రం వైవాలో అడుగుతారు.

మిథనాల్ వరస పాత పట్టికలో కవల పిల్లల్లా ఇథిలీన్ గ్లైకాల్ కింద ఉండేది, నేను ప్రతిసారీ తడబడేవాడిని. ఫోమెపిజోల్ ఆల్కహాల్ డీహైడ్రోజినేస్‌ను ఆపి కొత్త ఆమ్లం పుట్టకుండా చేస్తుంది. అప్పటికే పుట్టిన ఆమ్లాన్ని తీసేయలేదు. చూపు మసకబారి రక్తం ఆమ్లంగా మారి వచ్చినవాళ్లకి డయాలిసిస్ కావాలి. అదే ఆ వరస నాలుగో గడి.

లోపాలూ ఉన్నాయి. ఆక్సిజన్, శ్వాసమార్గం లాంటి ముందు చేయాల్సిన పనులకి ఇందులో చోటే లేదు. ఒక మాక్ పరీక్షలో ఊపిరి ఆడని పేషెంట్‌కి నేరుగా విరుగుడు రాసి మార్కులు పోగొట్టుకున్నాను. ఇంకొకటి, విరుగుడు లేని విషాలను పట్టిక అసలు చూపించదు. పారాక్వాట్ కనబడగానే నా చేయి అలవాటుగా కుడి గడిని వెతికింది. దానికి విరుగుడు లేదు, పైగా అవసరం లేకుండా ఆక్సిజన్ ఇస్తే ఊపిరితిత్తులకి ఇంకా హాని. ఇప్పుడు అడుగున ఎర్ర ఇంకుతో ఆ వరస చేర్చాను, కుడి గడిలో ఒక గీత గీసి వదిలేశాను.