రెజ్యూమె ఫోటో: మచ్చ తీయడమా, చర్మాన్నే చెరిపేయడమా?

ఒకే ఫోటో తీసుకుందాం. గడ్డం మీద మొటిమ, కళ్ల కింద నలుపు, నుదుటి మీద మెరుపు. దీన్ని రెండు రకాలుగా సరిచేయొచ్చు.

మొదటిది బ్యూటీ ఫిల్టర్. స్లైడర్ జరిపితే చాలు, ముఖమంతా నున్నగా అయిపోతుంది. అది మొటిమతో పాటు చర్మ రంధ్రాలనూ సన్నని గీతలనూ కలిపి మసకబారుస్తుంది. కనుబొమల అంచులు కరిగినట్టు ఉంటాయి. మెడ, చెవులు మాత్రం పాత రంగులోనే మిగిలిపోతాయి. నకిలీతనం ముందుగా బయటపడేది అక్కడే.

రెండోది ఫోటోషాప్‌లోని స్పాట్ హీలింగ్ బ్రష్. ఫోటో మీద పారదర్శకమైన పొరలా ఉండే కొత్త లేయర్ తీసుకుని, 'శాంపుల్ ఆల్ లేయర్స్' ఆన్ చేసి, మొటిమ కంటే కాస్త పెద్ద బ్రష్‌తో ఆ ఒక్కచోటే అద్దాలి. పక్కనున్న చర్మం నుంచే తీసుకుంటుంది కాబట్టి రంధ్రాలు అలాగే ఉంటాయి. వారంలో తగ్గిపోయే మొటిమను తీసేయండి, పుట్టుమచ్చ జోలికి మాత్రం వెళ్లొద్దు. రేపు ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చునేది ఆ ముఖమే కదా!

కళ్ల కింద నలుపును ఇంకో లేయర్ మీద సరిచేసి, ఆ లేయర్ ఎంత గాఢంగా కనిపించాలో చెప్పే ఒపాసిటీని 40 శాతం దగ్గరికి తగ్గించండి. పూర్తిగా తీసేస్తే కళ్ల కింద సహజమైన నీడ కూడా పోయి ముఖం చదునుగా కనిపిస్తుంది. నుదుటి మెరుపుకూ ఇదే పద్ధతి. కానీ మెరుపు పూర్తిగా తెల్లబడిపోయి ఉంటే అక్కడ చర్మం వివరమే ఉండదు, టిష్యూతో నుదురు అద్దుకుని మళ్లీ తీయించుకోవడమే మేలు.

ఫిల్టర్‌కు నిమిషం, బ్రష్‌కు పదిహేను నిమిషాలు పట్టినా నేను బ్రష్‌నే ఎంచుకుంటాను. సేవ్ చేసేముందు 100 శాతం జూమ్‌లో బుగ్గను, మెడను పక్కపక్కన చూడండి.