శాలువానా, కవరా, ఫైలా: పేరు వద్దన్నవాడికి ఏది మేలు?

విడవలూరు వైపు సముద్రం దగ్గర మా రొయ్యల గుంటలున్నాయి. ఎకరా చొప్పున ఆరు, అన్నీ వనామీ రకం రొయ్యలే. నేను అక్కడ మేనేజర్ని. ఒక రాత్రి జరిగిన సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, రిజిస్టర్ చెప్పింది.

మా దగ్గర నీళ్లలో ఆక్సిజన్‌ను, అంటే డీఓను, రాత్రి పదింటికి ఒకసారి, తెల్లవారుజామున నాలుగింటికి ఒకసారి చూస్తారు. ఆ రోజు పేజీలో 3.20కి ఇంకో అంకె ఉంది: మూడో గుంట, 1.8. రాసింది మా మెకానిక్ అన్న. కిందనే "6 గంటల మేత ఆపాలి" అని కూడా రాశాడు. డీఓ మూడు కంటే దిగితేనే మాకు టెన్షన్. 1.8 అంటే రొయ్యలు పైకి తేలి గట్టు వెంబడి చేరే స్థితి. చీకట్లో నీటిలోని నాచు ఆక్సిజన్ ఇవ్వదు, పైగా అదీ పీలుస్తుంది. అందుకే తెల్లారే ముందు గంటలే ప్రమాదం. అలాంటి వేళలో నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఆగాయన్నమాట.

షెడ్డుకి వెళ్తే జనరేటర్ ఫిల్టర్ దగ్గర బోల్టు చుట్టూ తడి డీజిల్, పక్కన స్పానర్. ట్రాక్టర్ ట్యాంకు ఖాళీ. కథ అర్థమైంది. కరెంటు పోయింది, జనరేటర్‌లో డీజిల్ అయిపోయి లైనులోకి గాలి దూరింది. అన్న ట్రాక్టర్‌లోంచి డీజిల్ తీసి పోశాడు. అలాంటప్పుడు డీజిల్ పోసినంత మాత్రాన ఇంజన్ అందుకోదు. ఫిల్టర్ దగ్గర బోల్టు వదులు చేసి, చేతి పంపు కొడుతూ, బుడగలు ఆగి డీజిల్ మాత్రమే వచ్చేదాకా ఉండి బిగించాలి. ఇంజన్ లేచాక కూడా ఏరేటర్లన్నీ ఒక్కసారే వేస్తే లోడు పడి ఆగిపోతుంది. ఒక్కొక్కటే వేసుకుంటూ పోయాడు. ఈలోగా మూడో గుంటలో ఆక్సిజన్ గుళికలు చల్లించాడు. అవి కాసేపు గండం గట్టెక్కిస్తాయే గానీ ఏరేటర్‌కి బదులు కావు. పొద్దున గట్టు పక్కన చచ్చినవి గుప్పెడే. గుంటలో ఉన్నది దాదాపు టన్నున్నర సరుకు.

పిలిచి అడిగితే "నా పేరు ఎత్తబాకండి సార్" అన్నాడు. ఎందుకన్నా అంటే కాసేపు నసిగి, "డీజిల్ చూడాల్సింది కాపలా పిల్లోడు. కొత్తోడు. ఓనర్‌కి తెలిస్తే పొద్దునే ఇంటికి పంపిస్తాడు" అన్నాడు.

విషయం సగం విన్న ఓనర్ మాత్రం ఊరుకోలేదు. రొయ్యల పట్టుబడి రోజు భోజనాల దగ్గర అందరి ముందు శాలువా కప్పుదామన్నాడు. ఇందులో మంచి లేకపోలేదు. మిగతావాళ్లకి ఏం పని చేస్తే గుర్తిస్తారో తెలుస్తుంది. కానీ శాలువా కప్పితే ఎందుకు కప్పారో చెప్పాలి, అది చెబితే డీజిల్ ఎందుకు అయిపోయిందనే ప్రశ్న వెనకే వస్తుంది. అతను మొహమాటంతో వద్దనుంటే నేనే నచ్చజెప్పి ఒప్పించేవాణ్ణి. ఇక్కడ కారణం వేరు. అతను కాపాడినవాణ్ణి అతని సన్మానంలోనే దొరికించినట్టు అవుతుంది.

రెండోది కవరు. చేతిలో ఐదువేలు పెట్టి ఊరుకోవడం. ఇది సులువు, ఇంట్లో పనికొస్తుంది కూడా. నేను దీనికి వ్యతిరేకం కాదు, కానీ చిక్కుంది. కారణం చెప్పకుండా ఇస్తే నోరు మూసుకున్నందుకు ఇచ్చినట్టుంటుంది. పైగా రేపు నేను మానేసి వేరే మేనేజర్ వస్తే, ఆ రాత్రి సంగతి ఎక్కడా ఉండదు. చప్పుడు చేయకుండా పనిచేసేవాళ్లకి ఇంక్రిమెంటు దగ్గర అన్యాయం జరిగేది ఇలాగే.

నేను మూడోదానికే మొగ్గాను: ఫైలు. అతని పేరు మీద ఒక కాగితం రాసిపెట్టాను. కరెంటు పోయినప్పుడు జనరేటర్ లైనులో గాలి తీసి నడిపించాడని, డీఓ ఎంత నుంచి ఎంతకు తెచ్చాడని, ఏ మేత ఆపించాడని. తప్పు ఎవరిదన్న మాట అందులో లేదు. రాసింది అతనికి చదివి వినిపించాకే ఓనర్‌తో సంతకం పెట్టించాను. జీతం పెంచే వేళ చూడాల్సిన కాగితం ఇదేనని కూడా చెప్పాను. దీనికీ లోటుంది. తోటివాళ్లలో చాలామందికి ఇప్పటికీ ఏం జరిగిందో తెలియదు. ఆ లోటు భరించొచ్చనిపించింది.

అయితే తప్పును దాచిపెడితే అది మళ్లీ వస్తుంది. అందుకే "నీకేం కావాలి?" అని అడిగాను. డబ్బు అడుగుతాడనుకున్నా. డీజిల్ ట్యాంకుకి బయట నుంచి మట్టం కనిపించే ట్యూబు, ఇరవై లీటర్ల డబ్బా ఒకటి విడిగా అడిగాడు. రెండూ ఆ వారంలోనే వచ్చాయి. పిల్లోడితో నేను ఒంటరిగా మాట్లాడాను. గట్టిగానే.

ఇప్పుడు రిజిస్టర్‌లో డీఓ గడి పక్కన ఇంకో గడి గీశాం. రోజూ రాత్రి తొమ్మిదింటికి ఆ పిల్లోడి వంకర రాతలో ఉంటుంది: డీజిల్ చూశాను, ముప్పావు ట్యాంకు.