మీటరు పెట్టిన ఇళ్లా, సెట్‌టాప్ బాక్సులా? టీవీ రేటింగ్‌కి ఏ లెక్క మేలు

ఈ వారం ఒక చానల్ రేటింగ్ 1.0, పక్క చానల్‌ది 1.5 అని రిపోర్టు వచ్చింది. రెండో చానల్ వాళ్లు పది సెకన్ల స్పాట్‌కి ఒకటిన్నర రెట్లు ధర అడిగారు. ప్రకటన ఇచ్చేవాళ్లకి ఇందులో తప్పేమీ కనిపించదు. చూసేవాళ్లు ఒకటిన్నర రెట్లు ఉన్నప్పుడు ధర కూడా అంతే ఉంటుంది కదా అనుకుంటారు. కానీ ఆ 0.5 తేడా వెనక ఎంతమంది మనుషులున్నారని అడిగేవాళ్లు తక్కువ.

వీక్షకుల లెక్క తీయడానికి ఇప్పుడు రెండు దారులున్నాయి. ఎంపిక చేసిన కొన్ని ఇళ్లలో మీటర్లు పెట్టి, అక్కడి చూపును మొత్తం జనాభాకి అన్వయించడం పాత దారి. దీన్ని ప్యానెల్ అంటారు. కేబుల్, డీటీహెచ్ ఆపరేటర్ల సెట్‌టాప్ బాక్సులు తమంతట తామే వెనక్కి పంపే డేటాను లెక్కగట్టడం రెండో దారి. మొదటి దాంట్లో వేల ఇళ్లు ఉంటే, రెండో దాంట్లో లక్షలు ఉంటాయి. సంఖ్య చూడగానే రెండోదే మేలనిపిస్తుంది. నా ఓటు మాత్రం చాలా సందర్భాల్లో మొదటి దానికే. ఎందుకో చెప్తాను.

ముందు ప్యానెల్ సంగతి. ఇంట్లో టీవీ పక్కన పీపుల్ మీటర్ ఉంటుంది. చాలా దేశాల్లో చానళ్లు తమ ఆడియోలో చెవికి వినపడని ఒక కోడ్ కలుపుతాయి. మీటరు ఆ కోడ్‌ని పట్టుకుని ఏ చానల్, ఏ సమయంలో వచ్చిందో రాసుకుంటుంది. చూసేదెవరో తెలియడానికి వేరే రిమోట్ ఇస్తారు. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో బటన్. టీవీ ముందు కూర్చోగానే ఎవరి బటన్ వాళ్లు నొక్కాలి, లేచేటప్పుడు మళ్లీ నొక్కాలి. చుట్టాలొస్తే వాళ్ల వయసు, ఆడా మగా అన్నది కూడా అందులో ఎక్కించాలి. టీవీ నడుస్తుంటే, ఎవరూ నొక్కకపోతే, లైటు మినుకుమంటూ గుర్తు చేస్తుంది. మొదటి వారంలో అందరూ బుద్ధిగా నొక్కుతారు. నెలలు గడిచేకొద్దీ ఇంట్లో ఒకరే అందరి తరఫునా నొక్కేస్తుంటారు. ప్యానెల్ ఇళ్లను అప్పుడప్పుడూ మార్చడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఇప్పుడు ఆ 1.0, 1.5 చూద్దాం. అంకెలు నేను ఉదాహరణ కోసం తీసుకున్నవి, లెక్క మాత్రం ఎక్కడైనా ఇదే. ప్రకటనదారుకి కావలసింది ఒక ప్రాంతంలోని ఒక వయసు ఆడవాళ్లు అనుకోండి. ఆ ప్రాంతపు ప్యానెల్‌లో అలాంటివాళ్లు 400 మంది ఉన్నారు. 1.0 రేటింగ్ అంటే వాళ్లలో ఒక శాతం, అంటే సగటున నలుగురు. 1.5 అంటే ఆరుగురు. ధరలో ఒకటిన్నర రెట్ల తేడా వచ్చింది ఇద్దరు మనుషుల వల్ల! శాంపిల్ సూత్రం ప్రకారం 400 మందిలో 1.0 వచ్చినప్పుడు పొరపాటు దాదాపు 0.5 ఉంటుంది. అటూ ఇటూ దానికి రెట్టింపు వదిలితే అసలు రేటింగ్ సున్నా దగ్గర్నుంచి 2 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. 1.5కి ఆ పరిధి సుమారు 0.3 నుంచి 2.7. ఈ రెండు పరిధులూ ఒకదానిమీద ఒకటి పడుకుని ఉన్నాయి. ఏ చానల్ ముందుందో ఈ డేటాతో ఎవరూ చెప్పలేరు.

నిజానికి పరిస్థితి ఇంకొంచెం అధ్వానం. ఆ నలుగురిలో ఇద్దరు ఒకే ఇంటి తోడికోడళ్లయితే వాళ్లు కలిసి చూస్తారు, కలిసి చానల్ మారుస్తారు. పైగా ప్యానెల్‌లో ఏదైనా వర్గం తక్కువైతే, ఉన్నవాళ్లకి ఎక్కువ బరువు ఇచ్చి సరిచేస్తారు. బరువు ఎక్కువున్న ఒక ఇల్లు సెలవుల్లో ఊరెళ్తే చాలు, ఆ వారం ఒక సీరియల్ 'పడిపోయింది'. మీటింగ్‌లో దానికి కథ మలుపు బాగాలేకపోవడమే కారణమని తేలుస్తారు.

నాలుగు వారాలు కలిపి చూస్తే ఇది కొంత తగ్గుతుంది. భారత్‌లో టీవీ వీక్షణ లెక్కగట్టే బార్క్ సంస్థ 2022 మార్చిలో వార్తా చానళ్ల రేటింగ్‌లు తిరిగి ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు నాలుగు వారాల సగటు పద్ధతికే వెళ్లింది. అయితే నాలుగు వారాలు కలిపినంత మాత్రాన 400 మంది 1600 అయిపోరు. వాళ్లే వీళ్లు. ఊరెళ్లడం, జ్వరం రావడం లాంటి తాత్కాలిక కుదుపులు సర్దుకుంటాయి గానీ, ఆ 400 మంది అభిరుచి మొత్తం జనానికి కాస్త దూరంగా ఉంటే ఆ దూరం అలాగే ఉంటుంది.

ప్యానెల్ చిన్నదవడం వల్ల ఇంకో బెడద ఉంది. కొన్ని ఇళ్లు దొరికితే చాలు, రేటింగ్ తిప్పేయొచ్చు. ఆ వార్తా చానళ్ల రేటింగ్‌లు అంతకుముందు 2020 అక్టోబరులో ఆగిపోయిందే, ప్యానెల్ ఇళ్లకి డబ్బిచ్చి ఫలానా చానల్ పెట్టించారన్న ఆరోపణల మీద ముంబయి పోలీసులు కేసు పెట్టాక.

ఇన్ని లోపాలున్నాక బాక్సులే నయం కదా? అవి ఎలా పనిచేస్తాయో చూద్దాం. రిమోట్ నొక్కి చానల్ మార్చిన ప్రతిసారీ బాక్సు సమయం, చానల్ నంబరు నమోదు చేసుకుంటుంది. బటన్ మర్చిపోవడం, అలసిపోవడం ఉండవు. ఇంట్లో ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. కానీ బాక్సుకి తెలిసింది తను ఆన్‌లో ఉందా లేదా అన్నదే. పడుకునేముందు టీవీ రిమోట్‌తో తెర ఆపేసి, బాక్సుని అలాగే వదిలేసే ఇళ్లు కోకొల్లలు. చాలా బాక్సులకి తెర ఆరిపోయిందన్న కబురు అందదు. చీకటి గదిలో ఆ చానల్ రాత్రంతా 'చూస్తున్నట్టే' నమోదవుతుంది.

దీన్ని అంకెల్లో పెడదాం. పది లక్షల బాక్సులు. రాత్రి ఒంటిగంటకి ఒక వార్తా చానల్ మీద 20,000 బాక్సులు ఉన్నాయి, అంటే రేటింగ్ 2.0. వాటిలో తెర వెలుగుతున్న ఇళ్లు 5,000 మాత్రమే అనుకోండి. అసలు రేటింగ్ 0.5. పది లక్షల శాంపిల్‌కి సూత్రం చెప్పే పొరపాటు 0.03 పాయింట్లు కూడా ఉండదు. కాబట్టి రిపోర్టు 2.0 అని ఢంకా బజాయించి చెప్తుంది. అదే రాత్రి 2,000 ఇళ్ల ప్యానెల్‌లో టీవీ నిజంగా నడుస్తున్నవి పదో పదకొండో. ప్యానెల్ చెప్పేది 0.2 నుంచి 0.8 మధ్య ఎక్కడో అని. చిరాకు పుట్టించేంత వదులు లెక్కే, కానీ నిజం అందులో ఉంది. బాక్సుల బిగుతైన అంకెలో లేదు. ఇళ్లు పెంచితే శాంపిల్ వల్ల వచ్చే పొరపాటు తగ్గుతుంది. ఒకే దిక్కుకి ఒరిగిన తప్పు మాత్రం కోటి బాక్సులు పెట్టినా అంగుళం కదలదు.

డేటా కంపెనీలకి ఇది తెలియక కాదు. ఇన్ని గంటలు రిమోట్ ముట్టుకోకపోతే అక్కడితో చూడడం అయిపోయిందని కోసేసే నియమం పెట్టుకుంటాయి. ఆ గడువు రెండు గంటలా, నాలుగు గంటలా అన్నదాన్ని బట్టి వార్తా చానళ్ల రాత్రి రేటింగ్ మారిపోతుంది. గడువు మరీ తగ్గిస్తే, రిమోట్ ముట్టకుండా సినిమా చివరిదాకా చూసిన మంచి వీక్షకుడు ఎగిరిపోతాడు. మీ చేతిలోని డేటాలో ఈ జబ్బు ఉందో లేదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము దాకా చానల్ గ్రాఫ్ చూడండి. మనుషులు నిద్రపోతుంటే గీత క్రమంగా దిగాలి. చదునుగా వెళ్లి ఒక గంట దగ్గర గోడలా కూలిందంటే, అక్కడ కనిపిస్తున్నది వీక్షకులు కాదు, గడువు నియమం.

ఇక రెండో సంగతి, బాక్సుకి మనుషులు తెలియరు. సబ్బు కంపెనీకి కావలసిన గృహిణి చూసిందా, ఆవిడ మామగారు చూశారా అన్నది బాక్సు చెప్పలేదు. అందుకని ఈ రకం ఇంట్లో, ఈ సమయంలో, ఈ కార్యక్రమం ఫలానావాళ్లు చూస్తారని ఒక అంచనా సూత్రం తగిలిస్తారు. ఆ సూత్రాన్ని తయారు చేసేది దేనితో? ఎక్కువగా ప్యానెల్ డేటాతోనే.

బాక్సుకి ఎదురులేని చోట్లూ ఉన్నాయి, అది ఒప్పుకోవాలి. పదివేల ఇళ్లలో అయిదు ఇళ్లే చూసే చిన్న చానల్ తీసుకోండి. 2,000 ఇళ్ల ప్యానెల్‌లో అది ఒక ఇల్లు. ఈ వారం ఉంటుంది, వచ్చే వారం ఉండదు. పది లక్షల బాక్సుల్లో 500 ఇళ్లు, స్థిరంగా కనిపిస్తాయి. బ్రేక్ విషయంలో అయితే ప్యానెల్ దరిదాపుల్లోకి కూడా రాదు. మామూలుగా మీకు చూపించే కార్యక్రమ రేటింగ్ మొత్తం సమయానికి సగటు. మీ స్పాట్ వచ్చేది బ్రేక్‌లో, చాలామంది చానల్ మార్చేది అప్పుడే. అమెరికాలో 2007లోనే దీన్ని గమనించి ప్రకటనల నిమిషాల రేటింగ్‌కి మారారు. అదైనా ఆ ప్రకటనల నిమిషాలన్నిటికీ సగటే గానీ మీ స్పాట్‌ది కాదు. బాక్సు డేటాలో బ్రేక్ మొదటి స్పాట్ నుంచి నాలుగో స్పాట్‌కి ఎంతమంది జారిపోయారో సెకన్ల లెక్కన కనిపిస్తుంది. వదిలేసిన బాక్సులు ఈ లెక్కనీ కొంత కలుషితం చేస్తాయి. కానీ అవి మొదటి స్పాట్‌లోనూ నాలుగో స్పాట్‌లోనూ ఒకేలా ఉంటాయి కాబట్టి రెంటినీ పోల్చి చూడడానికి పెద్ద అడ్డం కాదు.

అందుకే, ఏ చానల్‌కి ఎంత పెట్టాలి, ఎవరు చూస్తున్నారు అన్నది తేల్చడానికి నేను ప్యానెల్ తీసుకుంటాను. వారం లెక్క కాకుండా కనీసం నాలుగు వారాలది. బ్రేక్‌లో ఏ స్థానం కొనాలి, చిన్న చానల్‌కి అసలు జనం ఉన్నారా అన్నదానికి బాక్సులు. ఒకటే కొనే స్తోమత ఉంటే ప్యానెల్. దాని పొరపాటు ఎంతో ముందే లెక్కగట్టుకోవచ్చు, రెండో దానిది వెతికితే గానీ దొరకదు. ప్యానెల్ కూడా ఇలా దాక్కునే తప్పులు చేయదని కాదు. కోవిడ్ కాలంలో అమెరికాలో టీవీ రేటింగ్‌లు ఇచ్చే నీల్సన్ సంస్థ సిబ్బంది ఇళ్లలోకి వెళ్లి మీటర్లు చూడలేకపోయారు. వీక్షణ తక్కువగా నమోదైందని టీవీ నెట్‌వర్క్‌లు గొడవ చేశాయి. తనిఖీలో అది నిజమని తేలి, 2021 సెప్టెంబరులో అక్కడ రేటింగ్ పద్ధతులను తనిఖీ చేసి గుర్తింపు ఇచ్చే మీడియా రేటింగ్ కౌన్సిల్ ఆ సంస్థ జాతీయ రేటింగ్‌ల గుర్తింపును నిలిపేసింది. 2023లో గానీ తిరిగి ఇవ్వలేదు.

రెంటినీ కలిపిన లెక్కలు ఇప్పుడు వస్తున్నాయి. నీల్సన్ కలగలుపు పద్ధతికి అదే కౌన్సిల్ 2025 జనవరిలో గుర్తింపు ఇచ్చింది. ఇలాంటిది కొనేముందు ఒక మాట అడగాలి: ప్యానెల్‌కీ బాక్సులకీ లెక్క కుదరనప్పుడు దేన్ని బట్టి దేన్ని దిద్దుతున్నారు? తెర వెలుగుతోందా, ముందు ఎవరున్నారు అన్నది ప్యానెల్‌కే తెలుసు కాబట్టి బాక్సుల అంకెని దాన్ని బట్టి దిద్దాలి. జవాబు అటూ ఇటూగా ఉంటే కలిపినందువల్ల ఒరిగేదేమీ లేదు.

ఇక ఏ చానల్ ప్రతినిధైనా 'మంగళవారం ఏడున్నర స్లాట్‌లో, ఈ వయసు వాళ్లలో మేమే నంబర్ వన్' అని స్లైడ్ చూపిస్తే, ఆ గడి వెనక ఎంతమంది ఉన్నారో రాసివ్వమనండి. ఎన్ని పాయింట్లు అని కాదు, మీటరు పెట్టిన మనుషులు ఎంతమంది అని. సంఖ్య ఒకటి రెండు అంకెల్లోనే ఉంటే, ధర మాట్లాడటానికి ఆ స్లైడ్ పనికిరాదు.